ఫోటో దిగడం, ఫోటో తీయడం: క్యాండిడ్ ఫోటోగ్రాఫర్‌కి ట్యాగ్‌లైన్ రాయడం ఎలా

తెలుగులో ఫోటో గురించి మాట్లాడాలంటే మూడు క్రియలు వాడతాం. కెమెరా పట్టుకున్న మనిషి ఫోటో తీస్తాడు. కెమెరా ముందు సర్దుకుని నిలబడ్డవాళ్లు ఫోటో దిగుతారు. వెనకాల వడ్డన చేస్తూ, తమకు తెలియకుండానే ఫ్రేములోకి వచ్చేసినవాళ్లు ఫోటోలో పడతారు. రోజూ వాడే మాటలే కాబట్టి వీటి మధ్య తేడాని ఎవరూ ఆగి చూడరు. పెళ్లి ఫోటోగ్రఫీలో "ట్రెడిషనల్", "క్యాండిడ్" అని రెండు ప్యాకేజీలుగా అమ్మే తేడా మొత్తం ఈ క్రియల్లోనే ఉంది. ట్రెడిషనల్ ఫోటోలో మనం దిగుతాం. క్యాండిడ్ ఫోటోలో పడతాం.

ఈ వ్యాసం ఒక చిన్న పని గురించి. క్యాండిడ్ పద్ధతిలో పెళ్లిళ్లు తీసే ఫోటోగ్రాఫర్‌కి తెలుగులో ఒక ట్యాగ్‌లైన్, "మా గురించి" అనే ఒక పేరా రాయాలి. తెనాలిలో మా వీధిలో ఉండే ఒక అన్నయ్య కోసం గత సెలవుల్లో నేను ఈ పని చేశాను. ఆయన కొన్నేళ్లు ఒక స్టూడియోలో అసిస్టెంట్‌గా చేసి, ఇప్పుడు ఇంకో కుర్రాడితో కలిసి సొంతంగా పెళ్లిళ్లు ఒప్పుకుంటున్నాడు. మన క్లబ్బులో చాలామంది ఫెస్టులకి, స్టార్టప్ ఐడియాలకి ట్యాగ్‌లైన్లు రాస్తుంటారు కాబట్టి, ఆ పని ఎలా నడిచిందో వరసగా చెప్తాను.

ముందు ఉన్నది ఏంటి

ఆయన విజిటింగ్ కార్డు మీద అప్పటికే ఒక లైను ఉంది: "మధుర క్షణాలకు చిరునామా". దాని కింద ఈ పేరా:

"అత్యాధునిక పరికరాలతో, అపారమైన అనుభవంతో మీ జీవితంలోని మధుర క్షణాలను సహజసిద్ధంగా బంధించి, చిరకాల జ్ఞాపకాలుగా మీకు అందిస్తాము. నాణ్యతే మా నినాదం. మీ సంతృప్తే మా లక్ష్యం."

వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. చదవడానికి గంభీరంగానే ఉంది. ఇబ్బంది ఎక్కడుందో తెలియాలంటే ఒక చిన్న పరీక్ష పెట్టాలి. ట్యాగ్‌లైన్‌ని అలాగే ఉంచి, పైన పేరు మార్చి చూడాలి. "మధుర క్షణాలకు చిరునామా" ఒక స్వీట్ షాపు బోర్డు మీద పెడితే ఇంకా బాగా కుదురుతుంది. ఫంక్షన్ హాలుకీ సరిపోతుంది. అదే వీధిలో, దంపతుల్ని స్టూడియో తెర ముందు కూర్చోబెట్టి తీసే ఫోటోగ్రాఫర్‌కీ సరిపోతుంది. అంటే ఈ అన్నయ్య పద్ధతి గురించి ఆ లైను ఏమీ చెప్పట్లేదు.

పేరాలో "బంధించి" అనే మాట చూడండి. ఇంగ్లీషులో "క్యాప్చర్" అంటారు కాబట్టి తెలుగులో "క్షణాలను బంధించడం" వచ్చేసింది. మన దగ్గర దొంగని బంధిస్తారు, చేతులు బంధిస్తారు. "కదలకండి, అలాగే ఉండండి" అనే ఫోటోగ్రాఫర్ నిజంగా మనుషుల్ని బంధిస్తాడు. ఎవర్నీ ఆపను అని చెప్పుకోవాల్సిన మనిషికి ఈ క్రియ సరిగ్గా వ్యతిరేకం. "సహజసిద్ధంగా" అనే మాట కూడా అంతే. మామిడి రసం డబ్బా మీద, సబ్బు కవరు మీద అదే మాట చదివి చదివి, ఫోటోల దగ్గరకి వచ్చేసరికి కన్ను దాని మీద ఆగదు.

క్యాండిడ్‌కి తెలుగు మాట వెతకాలా

మొదట తట్టేది, "క్యాండిడ్"కి మంచి తెలుగు మాట పట్టుకుంటే సగం పని అయిపోతుందని. నిఘంటువు తీస్తే "నిష్కపటమైన", "దాపరికం లేని" లాంటివి వస్తాయి. అవి మాట్లాడే తీరుకి సరిపోతాయి. "నిష్కపట ఫోటోగ్రాఫర్" అంటే మిగతా ఫోటోగ్రాఫర్లు మోసం చేస్తున్నారని అర్థం వస్తుంది.

అసలు ఆ మాట ఫోటోలకి ఎలా అంటుకుందో తెలిస్తే ఉపయోగం. లాటిన్‌లో "కాండిడస్" అంటే తెల్లని, మెరిసే అని. పదవికి పోటీ చేసే రోమన్లు తెల్లబట్ట కట్టుకునేవాళ్లు కాబట్టి ఎన్నికల "క్యాండిడేట్" కూడా అక్కడి నుంచే వచ్చాడు. తెలుపు నుంచి దాపరికం లేకపోవడం అనే అర్థం వచ్చింది. 1920ల చివర్లో ఎరిక్ సాలమన్ అనే జర్మన్ ఫోటోగ్రాఫర్, ఎర్మనాక్స్ అనే చిన్న కెమెరాతో సమావేశాల్లో, కోర్టు గదుల్లో నాయకుల్ని, లాయర్లని వాళ్లకి తెలియకుండా తీశాడు. ఆ కెమెరా లెన్సు చాలా వెలుతురుని లోపలికి తీసుకునేది కాబట్టి ఫ్లాష్ పౌడరు వెలిగించాల్సిన అవసరం లేకపోయింది. అలాంటి ఫోటోలకి బ్రిటిష్ పత్రికలు "క్యాండిడ్ కెమెరా" అనే పేరు వాడాయి.

అంటే మొదటి నుంచీ ఆ మాట ఫోటో అందం గురించి వచ్చింది కాదు. ఫోటోగ్రాఫర్ ఎలా నడుచుకుంటాడో చెప్పే మాట అది. ఆపడు, పిలవడు, ఫ్లాష్ కొట్టడు. పెళ్లిళ్లు ఒప్పుకునేవాళ్లందరికీ "క్యాండిడ్" అనే మాట ఎలాగూ తెలుసు, రేటు అడిగేటప్పుడు అదే అంటారు. ప్యాకేజీల పట్టికలో దాన్ని అలాగే ఉంచేయొచ్చు. ట్యాగ్‌లైన్‌లో మాత్రం ఆయన ఏం చేస్తాడో, ఏం చేయడో చెప్పాలి.

మెటీరియల్ ఎలా దొరికింది

అందుకని నేను ఆయన్ని "మీ ప్రత్యేకత ఏంటి" అని అడగలేదు. అలా అడిగితే మళ్లీ నాణ్యత, సంతృప్తి దగ్గరికే వెళ్తాం. పెళ్లిలో ఒక ఘట్టం తీసుకుని అడిగాను.

"అన్నయ్యా, జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు నువ్వు ఎక్కడ నిలబడతావు?"

"నేను అమ్మాయి భుజం వెనక వైపు ఉంటానమ్మా, అబ్బాయి ముఖం కోసం. మావాడు అబ్బాయి వెనక, అమ్మాయి ముఖం కోసం. అడ్డుతెర తీసే ఒక్క సెకను కదా. ఒక్కడే ఉంటే ఒక్క ముఖమే దొరుకుతుంది."

"మరి పాత స్టూడియోలో?"

"ఎదురుగా వీడియో లైటు పక్కన ఉండేవాళ్లం. ఇద్దరూ పడేలా ఒకటి, తర్వాత ఇటు చూడండి అని ఇంకోటి. తాళి కట్టేటప్పుడైతే పెళ్లికొడుకు చెయ్యి గాల్లో ఉండగానే ఆపేసేవాళ్లం. పంతులుగారు మంత్రం చదువుతూనే ఉంటారు, మేం ఫోకస్ చేసుకుంటూ ఉంటాం."

"ఇప్పుడు ఆ ఫోటో తప్పిపోతే?"

"తప్పిపోయినట్టే. మళ్లీ కట్టమని అడగను."

ఈ నాలుగు ముక్కల్లో మొత్తం పేరాకి కావలసినది ఉంది. ఇంకొన్ని వివరాలు కూడా చెప్పాడు. ఎక్కువగా 85 ఎం.ఎం. లెన్సు వాడతాడు. ఆ లెన్సుతో పది అడుగుల దూరంలో నిలబడ్డా మనిషి నడుము పైభాగం ఫ్రేము నిండుతుంది. అందుకే పీటల మీదకి వంగి దూరాల్సిన పని లేదు. మండపంలో ఫ్లాష్ కొట్టడు, వీడియో వాళ్ల లైటు, హాల్లో ఉన్న వెలుతురు సరిపెట్టుకుంటాడు. ఇవి ఆయనకి తెలిసి ఉండాల్సిన సంగతులు. చదివేవాళ్లకి లెన్సు నంబరు చెప్పినా ఏమీ అర్థం కాదు. కానీ "పది అడుగుల దూరంలో ఉంటాం" అంటే ప్రతి ఒక్కరికీ బొమ్మ కడుతుంది.

చివరికి ఆయన ఒక మాట చెప్పాడు. సొంతంగా చేసిన మొదటి పెళ్లిళ్లలో ఒకదానికి ఆల్బమ్ ఇచ్చాక, పెళ్లికూతురు నాన్నగారు చాలాసేపు తిప్పి చూసి, "మా అమ్మ ఏది బాబూ?" అన్నారట. ఆవిడ ఎనభై దాటిన మనిషి, ముందు వరస కుర్చీలోనే కూర్చుంది. రెండు ఫోటోల్లో ఉంది, ఒకదాంట్లో వీపు, ఇంకోదాంట్లో సగం ముఖం. మనవరాలితో కలిసి దిగిన ఫోటో ఒక్కటీ లేదు. క్యాండిడ్ అంటే ఎవర్నీ నిలబెట్టం అని కుటుంబానికి ఎవరూ ముందు చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. చివరి వాయిదా నాలుగు నెలలు ఆగింది. డబ్బు తర్వాత వచ్చింది. ఆ పెద్దావిడ ఫోటో అడగడానికి ఇంకో పెళ్లి ఉండదు కదా.

ఇది విన్నాక పేరా పని ఏంటో నాకు స్పష్టమైంది. గొప్ప చెప్పుకోవడం దాని పని కాదు. ఏ ఫోటోలు వస్తాయో, ఏవి రావో, రావాలంటే కుటుంబం ఏం చేయాలో అడ్వాన్సు ఇచ్చే ముందే తెలిసేలా చెప్పాలి.

ట్యాగ్‌లైన్: మూడు ప్రయత్నాలు

"దిగడం", "తీయడం" చేతిలో ఉన్నాయి కాబట్టి మొదట రాసింది: "మీరు దిగని ఫోటోలు". మూడే మాటలు. పేరు మార్చే పరీక్షలో నెగ్గుతుంది, పోజు పెట్టించి తీసే స్టూడియో ఈ లైను వాడలేదు. దీన్ని అమ్మకి చదివి వినిపించాను. అమ్మ వెంటనే, "అంటే మనం లేని ఫోటోలా? వాటికి డబ్బులెందుకు?" అంది. నిజమే. "ఆ ఫోటోలో నువ్వు దిగలేదా?" అంటే "అందులో నువ్వు లేవా?" అనే అర్థం కూడా ఉంది. ఎనభై ఏళ్ల పెద్దావిడ ఆల్బమ్‌లో లేకుండా పోయిన మనిషికి ఈ లైను పెట్టడం ఏ రకంగానూ కుదరదు.

రెండోది: "కెమెరా వైపు చూడకండి". ఇది సూటిగా ఉంది, అర్థం కూడా ఒకటే. కానీ "చూడకండి" అనేది నిషేధం. "ఇక్కడ చెప్పులు విడవకండి", "గోడ మీద రాయకండి" అనే బోర్డుల గొంతు వినిపిస్తుంది. ఎవర్నీ శాసించను అని చెప్పాల్సిన ఫోటోగ్రాఫర్ ఆదేశంతో మొదలుపెడుతున్నాడు.

రెండు ప్రయత్నాల్లోనూ లోపం వ్యతిరేకార్థక క్రియ దగ్గరే ఉంది. "దిగని" అంటే జరగలేదు అని. "చూడకండి" అంటే వద్దు అని. ఆయన చెప్పాలనుకుంటున్నది "అవసరం లేదు" అని. తెలుగులో దానికి వేరే రూపం ఉంది: దిగక్కర్లేదు. వద్దు అనడు, దిగాలంటే దిగొచ్చు, బలవంతం మాత్రం లేదు. ఒక చిన్న బరువు దించినట్టు ఉంటుంది ఆ మాట. అక్కడి నుంచి మూడోది వచ్చింది:

"ఫోటో దిగక్కర్లేదు. పెళ్లి చేసుకోండి చాలు."

అమ్మ నవ్వింది. హాస్టల్లో మా రూమ్మేట్‌కి చూపించి, "ఈ మనిషి ఏం చేస్తాడో చెప్పు" అని అడిగితే, "పెళ్లిలో డిస్టర్బ్ చేయకుండా ఫోటోలు తీస్తాడు" అంది. క్యాండిడ్ అనే మాట లేకుండా క్యాండిడ్ అర్థమైంది. లైను పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి నేను అడిగే ప్రశ్న ఇదే. "బాగుందా" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. "ఈయన ఏం చేస్తాడు" అని అడిగితే, అర్థం కాకపోతే దొరికిపోతుంది.

వాక్యాల వరస కూడా తిప్పి చూశాను. "పెళ్లి చేసుకోండి చాలు. ఫోటో దిగక్కర్లేదు." అర్థం మారలేదు, కానీ చివర "లేదు" మిగిలింది. మన వాక్యంలో చెవిలో నిలిచేది చివరి మాట. "చాలు"తో ముగిస్తే ఎదుటివాళ్లకి ఊపిరి పీల్చుకోమన్నట్టు ఉంది. అందుకే మొదటి వరసనే ఉంచాను.

వరంగల్ నుంచి వచ్చిన క్లాస్‌మేట్ ఒకతను, "అర్థమైతది గానీ మీ గుంటూరోళ్ల మాట లెక్కుంది, మా దిక్కు చేసుకోన్రి అంటరు" అన్నాడు. కరెక్టే. "అక్కర్లేదు" అక్కడా అర్థమవుతుంది కానీ లైను మొత్తం కోస్తా గొంతులో ఉంది. ఈ అన్నయ్యకి వచ్చే పెళ్లిళ్లు తెనాలి, గుంటూరు, విజయవాడ చుట్టుపక్కలవే కాబట్టి అలాగే ఉంచాం. వరంగల్ ఫోటోగ్రాఫర్ అయితే అక్కడివాళ్ల నోట వినిపించే లైను అక్కడివాళ్లతోనే రాయించుకోవాలి.

ఎవరితో మాట్లాడుతున్నాం

ఈ లైనులో "చేసుకోండి" అనే మాట ఒక నిర్ణయం తీసేసుకుంది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు పెళ్లి చేసుకుంటారు. అమ్మానాన్నలు పెళ్లి చేస్తారు. "కో" ఉంటే ఒకరితో, లేకపోతే ఇంకొకరితో మాట్లాడుతున్నట్టు. ట్యాగ్‌లైన్‌ని ఇన్‌స్టాగ్రామ్‌లో మొదట చూసేది ఎక్కువగా పెళ్లి చేసుకునేవాళ్లే, కాబట్టి "చేసుకోండి" సరైనదే.

అయితే ఫోటోగ్రాఫర్‌ని ఖాయం చేసేటప్పుడు ఫోన్ చాలా ఇళ్లలో నాన్నగారి చేతికి వెళ్తుంది. ఆయన అడిగే ప్రశ్నలు వేరు. గ్రూప్ ఫోటోలు ఉంటాయా? మా వైపు వాళ్లందరూ పడతారా? తాళి కట్టే ఫోటో సరిగ్గా వస్తుందా? పేరా ఆయనకి జవాబు చెప్పాలి. అంటే పైన లైను పిల్లలతో, కింద పేరా పెద్దవాళ్లతో మాట్లాడుతుంది. ఇద్దరికీ మర్యాద ఒకటే, "మీరు". సరదాగా ఉంటుందని "చేసుకో" అని ఏకవచనం పెడితే, పెద్దవాళ్లు పేరా వరకు రాకుండా అక్కడే ఆగిపోతారు.

తన గురించి ఆయన "నేను" అనాలా, "మేము" అనాలా అన్నది కూడా తేల్చుకోవాలి. ఒక్కడే పనిచేసే ఫోటోగ్రాఫర్ "మేము" అంటే పెళ్లికి ఎంతమంది వస్తారో అని కుటుంబం లెక్క వేసుకుంటుంది, తీరా ఒక్కడే దిగితే గొడవ. ఇక్కడ ఇద్దరున్నారు, ఆ ఇద్దరు ఉండటమే తెర దగ్గర తేడా చూపిస్తుంది. అందుకని "మేం" నిజమే, ఎంతమందో కూడా పేరాలో తెలిసిపోవాలి.

పేరా: చేసే పనికి మాట ఇవ్వడం

మొదటి చిత్తుప్రతిలో నేను, "తెర తీసినప్పుడు ఇద్దరి ముఖాలూ మీకు దొరుకుతాయి" అని రాశాను. అన్నయ్య చదివి, "దొరుకుతాయని ఎలా చెప్తామమ్మా? ఎవరో మావయ్య ఫోన్ పట్టుకుని అడ్డం వస్తే?" అన్నాడు. క్యాండిడ్‌లో ఉన్న అసలు పరిమితి ఇదే. మళ్లీ చేయించరు కాబట్టి, ఎవరి చెయ్యో అడ్డం వస్తే ఆ ఫోటో ఉండదు. ఫలితం ఆయన చేతిలో లేదు. ఎక్కడ నిలబడతాడో, ఎంతమంది ఉంటారో మాత్రం ఆయన చేతిలో ఉంది. అందుకని ఆ వాక్యాన్ని "ఇద్దరి ముఖాలకీ చెరో కెమెరా ఉంటుంది" అని మార్చాం. ఆ మాట నిలబెట్టుకోవచ్చు.

అదే కొలతతో "మేం అక్కడ ఉన్నట్టే మీకు తెలియదు" అనే వాక్యాన్ని కూడా పక్కన పెట్టాం. చాలామంది క్యాండిడ్ ఫోటోగ్రాఫర్లు ఇలాంటి మాట రాసుకుంటారు. చదవడానికి బాగుంటుంది. కానీ మెడలో రెండు కెమెరాలు వేసుకున్న ఇద్దరు మనుషులు మండపం చుట్టూ తిరుగుతుంటే ఎందుకు తెలియదు? "పిలవం, ఆపం" అంటే నిజం. "కనిపించం" అంటే అబద్ధం.

పెద్దావిడ విషయానికి పరిష్కారం భాషలో దొరికేది కాదు. పనిలోనే ఒక ఏర్పాటు కావాలి. తలంబ్రాలు అయ్యాక ఒక అరగంట గ్రూప్ ఫోటోలకే కేటాయించాలని, ఎవరెవరు ఉండాలో కుటుంబం ముందు రోజే రాసివ్వాలని, ఎక్కువసేపు కూర్చోలేని పెద్దవాళ్లతో మొదలుపెట్టాలని అన్నయ్య నిర్ణయించుకున్నాడు. అంటే ఆ అరగంట అందరూ ఫోటో దిగుతారు. ట్యాగ్‌లైన్‌లో ఉన్న "అక్కర్లేదు" ఇక్కడ ఆదుకుంది. "దిగని" అని రాసి ఉంటే పేరా, లైను కొట్టుకునేవి. ఇప్పుడు కొట్టుకోవు.

చివరికి నిలిచిన పేరా ఇది:

"పెళ్లి జరుగుతుంటే మేం ఆపం. ఇటు చూడండి అనం, తాళి మళ్లీ కట్టమని అడగం, పీటల దగ్గర ఫ్లాష్ కొట్టం. ఇద్దరం వస్తాం. జీలకర్ర బెల్లం వేళకి ఒకరం అమ్మాయి వెనక, ఒకరం అబ్బాయి వెనక ఉంటాం. తెర తీసినప్పుడు ఇద్దరి ముఖాలకీ చెరో కెమెరా ఉంటుంది. మిగతా సమయమంతా పది అడుగుల దూరంలో, మీ మనుషుల మధ్యే తిరుగుతుంటాం. ఏదైనా ఒక క్షణం తప్పిపోతే దాన్ని మళ్లీ చేయించం, ఆ సంగతి ముందే చెప్తున్నాం. తలంబ్రాలు అయ్యాక అరగంట గ్రూప్ ఫోటోలకే. ఎవరెవరు ఉండాలో ముందు రోజు రాసివ్వండి, ఇంట్లో పెద్దవాళ్లతో మొదలుపెడతాం."

చదివితే ఇందులో విశేషణాలు దాదాపు లేవు. మధురమైన, అపురూపమైన, అత్యాధునికమైన అన్నవి ఒక్కటీ లేవు. ఉన్నవన్నీ క్రియలే: ఆపం, అనం, అడగం, కొట్టం, వస్తాం, ఉంటాం, తిరుగుతుంటాం, మొదలుపెడతాం. మొదటి రెండు వాక్యాల్లో చేయనివి చెప్పి, తర్వాత చేసేవి చెప్తాం. "తప్పిపోతే" వాక్యం ఉంచాలా అని ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. నాకు అది భయపెట్టేలా అనిపించింది. ఆయన ఉంచమన్నాడు. పెళ్లయ్యాక చెప్పడం కన్నా ముందు చెప్పడం తేలికని ఆయన వాదన. అది చదివి వద్దనుకునే కుటుంబానికి నిజంగా ట్రెడిషనల్ ఫోటోగ్రాఫరే కావాలి, వాళ్లు ఇక్కడికి రాకపోవడమే ఇద్దరికీ మంచిది.

అచ్చులో, స్క్రీన్ మీద

రాసిన తర్వాత చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది, ఇది మన బ్రాంచి పని. ఇన్‌స్టాగ్రామ్ బయోకి 150 క్యారెక్టర్ల పరిమితి ఉంది. తెలుగులో కంటికి కనిపించే అక్షరం ఒకటైనా, లోపల గుణింతం, పొల్లు, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కకి వస్తాయి. "పెళ్లి" చూడటానికి రెండు అక్షరాలు. పైథాన్‌లో చూస్తే:

```python
len("పెళ్లి")   # 6
len("ఫోటో దిగక్కర్లేదు. పెళ్లి చేసుకోండి చాలు.")   # 41
```

ట్యాగ్‌లైన్‌కి 41 పోయినా ఊరి పేర్లకి, ఫోన్ నంబరుకి చోటు మిగిలింది. పేరా అక్కడ పట్టదు. దాన్ని ఒక పోస్టుగా పైన నిలిపి పెట్టాం, వాట్సాప్‌లో పంపే రేట్ల కాగితం మీద మొదట వేశాం. రేట్ల కంటే ముందు అది చదవాలని.

కార్డు మీద, ఫోటో మూలన వేసే వాటర్‌మార్క్‌లో చూడాల్సింది ఒత్తులు. "దిగక్కర్లేదు"లో రెండు, "పెళ్లి"లో ఒకటి కిందకి దిగుతాయి. ఇంగ్లీషుకి కుదిరిన లైన్ గ్యాప్‌లోనే తెలుగు పెడితే పై వరస ఒత్తులు కింద వరస తలకట్లకి తగులుతాయి. ఇంకా దారుణం, కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు సెట్టింగు సరిగ్గా లేకపోతే ఒత్తు విడిపోయి, "క్క" బదులు పొల్లుతో ఒక "క్", పక్కన ఇంకో "క" కనిపిస్తాయి. తెలుగు చదవని డిజైనరుకి అది తప్పని తెలియదు. అందుకే ప్రింటుకి పంపే ముందు ప్రూఫ్ ఫోన్‌లో తెప్పించుకుని ఆ మూడు ఒత్తులూ చూసుకున్నాం. మొదటి ప్రూఫ్‌లో "పెళ్లి" విరిగే వచ్చింది, సరిచేయించాం.

కొత్త కార్డులు ఈ సీజన్‌కే వాడుతున్నాడు. మొన్న ఒక పెళ్లికి కుటుంబం ఇచ్చిన గ్రూప్ ఫోటోల జాబితా నాకు పంపించాడు, రూల్డ్ కాగితం మీద బాల్ పెన్నుతో రాసింది. మొదటి పేరు "నాయనమ్మ", పక్కన బ్రాకెట్లో "కుర్చీలోనే".